నొప్పి పోయింది, జబ్బు పోలేదు: షుగర్ ఉన్న పెద్దవాళ్ల చెవిని తినేసే ఇన్ఫెక్షన్

చెవినొప్పితో వచ్చిన పెద్దాయన్ని నేను అడిగే మొదటి ప్రశ్న చెవి గురించి కాదు. "రాత్రి నిద్ర పడుతోందా అండీ?" అని అడుగుతాను. మామూలు చెవిపోటు అయితే మాత్ర వేసుకుని ఎలాగో పడుకుంటారు. "ఎక్కడ డాక్టర్ గారూ, పన్నెండు దాటాక మొదలవుతుంది, లోపల ఎవరో బరమాతో తొలుస్తున్నట్టు ఉంటుంది, తెల్లవార్లూ కూర్చునే ఉంటున్నా" అన్నారంటే ఇక నా అనుమానం వేరే వైపు వెళ్తుంది. ఆ మనిషికి పదిహేను, ఇరవై ఏళ్లుగా షుగర్ ఉందంటే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

ఈ జబ్బు పేరు మాలిగ్నెంట్ ఓటైటిస్ ఎక్స్‌టర్నా. మాలిగ్నెంట్ అనే మాట వినగానే ఇంట్లోవాళ్లు క్యాన్సర్ అనుకుని కంగారుపడతారు. ఇది క్యాన్సర్ కాదు, ఇన్ఫెక్షన్. 1968లో చాండ్లర్ అనే డాక్టర్ పదమూడు మంది రోగుల వివరాలు కలిపి రాస్తూ ఈ పేరు వాడాడు. వాళ్లలో దాదాపు సగం మంది చనిపోయారు. అంత ప్రాణాంతకంగా కనిపించింది కాబట్టే ఆ మాట ఎంచుకున్నాడు. ఇప్పుడు చాలామంది నెక్రోటైజింగ్ ఓటైటిస్ ఎక్స్‌టర్నా అంటున్నారు, అంటే కణజాలాన్ని చంపుకుంటూ పోయే బయటి చెవి ఇన్ఫెక్షన్. నిజానికి ఆ రెండు పేర్లూ అసలు విషయాన్ని దాచేస్తాయని నాకనిపిస్తుంది. ఇది చెవిలో మొదలవుతుంది గానీ చెవి జబ్బుగా ఉండిపోదు. పుర్రె అడుగున ఉండే ఎముకకు పట్టే ఇన్ఫెక్షన్‌గా మారుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే మందులు వారాల తరబడి ఎందుకో కూడా సగం అర్థమైనట్టే.

చర్మం నుంచి ఎముకకు దారి

బయటి నుంచి కర్ణభేరి దాకా ఉండే చెవి కాలువ పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. బయటి మూడో వంతు గోడ మృదులాస్థి, అంటే వేలితో వంచగలిగే మెత్తటి ఎముకలాంటిది. లోపలి రెండు వంతులు గట్టి ఎముక. మృదులాస్థి భాగంలో సన్నటి సహజమైన చీలికలు ఉంటాయి. వాటిని మొదట వర్ణించిన శాస్త్రవేత్త పేరుమీద సాంటోరిని చీలికలు అంటారు. వాటివల్ల కాలువ తేలిగ్గా వంగుతుంది. అయితే కాలువలో ఉన్న ఇన్ఫెక్షన్ కిందికి, పుర్రె అడుగు భాగానికి దిగడానికి కూడా అవే తలుపులు.

ఆరోగ్యంగా ఉన్న చెవిలో ఆ తలుపుల దాకా సూక్ష్మజీవిని రానివ్వని ఏర్పాట్లు ఉన్నాయి. మనం మురికి అనుకుని తీసేసే గులిమి కాస్త పుల్లగా, అంటే ఆమ్ల గుణంతో ఉంటుంది. ఆ పులుపులో బాక్టీరియా సరిగ్గా పెరగదు. షుగర్ ఉన్నవాళ్ల గులిమిలో ఆ ఆమ్ల గుణం తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. దానికితోడు ఏళ్ల తరబడి ఉన్న షుగర్ సన్నటి రక్తనాళాల్ని మూసుకుపోయేలా చేస్తుంది, కాబట్టి చెవి కాలువ చర్మానికి రక్తం సరిగ్గా అందదు. బాక్టీరియాను మింగేసే తెల్ల కణాలు కూడా అలాంటి ఒంట్లో మందకొడిగా కదులుతాయి. కాపలా లేదు, దారి తెరిచే ఉంది. ఇక కావాల్సింది చిన్న గీత మాత్రమే.

ఆ గీత ఎక్కువగా ఇయర్ బడ్‌తోనో, పిన్నుతోనో, గులిమి తీయించుకోవడానికి చెవిలోకి నీళ్లు కొట్టించుకోవడంతోనో పడుతుంది. నీళ్లు కొట్టించుకున్న కొద్ది రోజులకు ఈ జబ్బు మొదలవడం వైద్యులు చాలాకాలంగా గమనిస్తున్న విషయమే. దీనికి ఎక్కువగా కారణమయ్యే సూడోమోనాస్ ఏరుజినోసా అనే బాక్టీరియాకు తడి అంటే ప్రాణం. అది రక్తనాళాల గోడల్లోకి చొరబడి వాటిని పాడుచేస్తుంది. అసలే రక్తం అందని చోట ఉన్న కాస్త రక్తాన్నీ ఆపేస్తుందన్నమాట. కొందరిలో, ముఖ్యంగా రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లలో, ఆస్పర్జిల్లస్ లాంటి ఫంగస్ కూడా ఇదే పని చేస్తుంది. దాని వైద్యం వేరు, ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఆ సంగతి ఇక్కడ పక్కన పెడతాను.

ఒక మనిషి కథగా చూస్తే

చాలామందిలో విడివిడిగా చూసిన విషయాలను ఒక్క మనిషికి జరిగినట్టు చెబుతాను. ఆయన వయసు 71. షుగర్ వచ్చి ఇరవై ఏళ్లు. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 10.2 ఉంది, అంటే అదుపులో లేదు. కుడి చెవి దురదగా ఉంటే బడ్‌తో గోకారు. తర్వాత మూసుకుపోయినట్టుందని నీళ్లు కొట్టించుకున్నారు. వారంలో నొప్పి, కాస్త చీము. చెవిలో చుక్కల మందు ఇచ్చారు. పది రోజులు వేశారు, తగ్గలేదు. వేరే చుక్కల మందుకు మారారు. చీము తగ్గింది గానీ నొప్పి పెరిగింది. తర్వాత ముద్ద నమిలినప్పుడల్లా చెవి ముందు పొడిచినట్టు అనిపించసాగింది. ఇన్ఫెక్షన్ దవడ కీలు వైపు పాకుతోందని దానర్థం. అది ఎవరికీ తట్టలేదు, పంటినొప్పి అనుకుని పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చారు.

ఇక్కడ ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. జ్వరం లేదు. రక్తంలో తెల్లకణాలు 8,400, మామూలే. పెద్ద ఇన్ఫెక్షన్ అంటే జ్వరం రావాలి, కణాలు పెరగాలి అని అందరం అనుకుంటాం. ఈ జబ్బులో చాలామందికి ఆ రెండూ ఉండవు. పెరిగేది ఈఎస్ఆర్, అంటే ఒంట్లో వాపు ఎంతుందో చూపే రక్త పరీక్ష అంకె. ఆయనకు గంటకు 96 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ వయసులో ఈఎస్ఆర్ కాస్త ఎక్కువగానే ఉంటుంది గానీ వందకు చేరువైతే ఒంట్లో ఎక్కడో ఎముకకు ఏదో జరుగుతోందేమో అని వెతకాల్సిందే.

చెవిలోకి మైక్రోస్కోప్‌తో చూస్తే కాలువ అడుగున, సరిగ్గా మృదులాస్థి, ఎముక కలిసేచోట, ముట్టుకుంటే రక్తం కారే ఎర్రటి కండ కనిపించింది. పెసరగింజంత ఉంటుందేమో. ఈ జబ్బుకు అదే పెద్ద ఆనవాలు. ఆ కండను చూసి ఇదేనని తేల్చేయకూడదు, ఎందుకంటే చెవి కాలువలో వచ్చే క్యాన్సర్ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది, ఇలాగే నొప్పి పెడుతుంది. అందుకే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి. ఆయన ముక్కలో క్యాన్సర్ లేదు. చీముతో పాటు ఆ ముక్కను కూడా కల్చర్‌కు, అంటే ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూసే పరీక్షకు పంపితే సూడోమోనాస్ పెరిగింది. అంతకు ముందు రెండు రోజులు చుక్కల మందు ఆపించాం. ఆ మందు చెవిలో ఉండగా తీస్తే కల్చర్‌లో ఏమీ పెరగక, చీకట్లో రాయి విసిరినట్టు మందు ఎంచుకోవాల్సి వస్తుంది.

సీటీ స్కాన్‌లో కాలువ అడుగు ఎముక కొద్దిగా కొరికినట్టు కనిపించింది. ఎముకలోని ఖనిజం మూడో వంతు దాకా పోతే గానీ సీటీలో ఆ తేడా బయటపడదు. అంటే మొదట్లో సీటీ మామూలుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు, సీటీలో కనిపించిందంటే మాత్రం చాలారోజులుగా నడుస్తోందని అర్థం. ఎంఆర్ఐలో పుర్రె అడుగున మెత్తటి కణజాలంలో వాపు, ఎముక మజ్జలో మార్పు తెలిశాయి.

పద్నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచి ఎనిమిది గంటలకోసారి సెఫ్టాజిడైమ్ అనే యాంటీబయాటిక్ నరం ద్వారా ఎక్కించారు. ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఆరో రోజుకు రాత్రి నొప్పి తగ్గింది. పదో రోజుకు నిద్రపోయారు. ఈఎస్ఆర్ 96 నుంచి 70కి వచ్చింది. ఇంటికి పంపేటప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 750 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, ఇంకో ఆరు వారాలు వాడమన్నారు.

తొమ్మిది రోజులు వాడి మానేశారు.

కొడుకు తర్వాత చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "నొప్పే లేదు కదా డాక్టర్ గారూ, చీము కూడా లేదు. అసలే నాన్నగారికి అన్ని మాత్రలు. కిడ్నీలకు పడుతుందేమోనని మేమే ఆపేశాం." ఆ మాటలో తప్పు పట్టడానికి ఏముంది? చెవి చూస్తే శుభ్రంగా ఉంది. మనిషి తింటున్నాడు, నిద్రపోతున్నాడు. మరి జబ్బు ఎక్కడుంది?

ఎముకలో ఏం జరుగుతుంది

చర్మానికి గాయమైతే పైపైన రక్తం బాగా పారుతుంది, మందు చేరుతుంది, వారం పదిరోజుల్లో మానుతుంది. ఎముక అలా కాదు. ఎముక లోపల సన్నటి గొట్టాల్లాంటి దారులుంటాయి, వాటిలోనే రక్తనాళాలు నడుస్తాయి. బాక్టీరియా ఆ దారుల్లోకి దిగితే వాపు వస్తుంది. మెత్తటి చోట వాపు వస్తే ఉబ్బడానికి చోటుంటుంది. ఎముకలో చోటు లేదు. ఆ ఒత్తిడికి రక్తనాళాలే నలిగి మూసుకుపోతాయి. రక్తం ఆగిన ఎముక ముక్క చచ్చిపోతుంది. చచ్చిన ముక్కలోకి రక్తం పోదు, రక్తం పోనిచోటికి మందూ పోదు. బాక్టీరియా మాత్రం అక్కడే నిశ్చింతగా ఉంటుంది.

అంతటితో ఆగదు. చచ్చిన ఎముక మీద బాక్టీరియా గుంపులుగా అంటుకుని తమ చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. నీళ్ల తొట్టి గోడకు పాచి పట్టినట్టే. పైన నీళ్లు మార్చినంత మాత్రాన పాచి పోదు కదా. దీన్నే బయోఫిల్మ్ అంటారు. లోపలున్న బాక్టీరియా దాదాపు నిద్రలో ఉంటుంది, తిండి తక్కువ, విభజన తక్కువ. చాలా యాంటీబయాటిక్స్ పెరుగుతున్న బాక్టీరియానే బాగా చంపుతాయి. నిద్రపోయేవాటి మీద అంతగా పనిచేయవు. అవి మేల్కొన్నప్పుడల్లా మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి.

కాలి ఎముకకు ఇలాంటి ఇన్ఫెక్షన్ వస్తే సర్జన్ చచ్చిన ఎముకను గీకి తీసేస్తాడు. ఇక్కడ అది కుదరదు. పుర్రె అడుగున కాలువకు కాస్త దూరంలోనే ముఖాన్ని కదిలించే నరం బయటికి వస్తుంది. ఇంకాస్త లోపల మింగడానికి, మాట్లాడటానికి, నాలుక కదపడానికి పనికొచ్చే నరాలు, మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని, మెదడు నుంచి రక్తం దించే పెద్ద సిర ఉన్నాయి. అక్కడ గీకబోతే జబ్బు కంటే పెద్ద ప్రమాదం తెచ్చినట్టవుతుంది. అందుకే పైకి తేలిన చచ్చిన కండను శుభ్రం చేయడం, బయాప్సీ తీయడం వరకే సర్జరీ పని. మిగిలిన చచ్చిన ఎముకను ఒళ్లే మెల్లగా కరిగించుకోవాలి, ఆ చోటికి కొత్త రక్తనాళాలు పెరగాలి, అప్పుడు మందు ఆ చోటికి చేరాలి. కొత్త రక్తనాళాలు పెరగడానికే మూడు నాలుగు వారాలు పడుతుంది. వైద్యం ఆరు వారాల నుంచి ఎనిమిది వారాల దాకా సాగడానికి ఇదీ కారణం. ఈ ఆరు వారాల లెక్క పెద్ద పోలిక ట్రయల్స్ పెట్టి తేల్చింది కాదు, ఎముక ఎంతకాలంలో కోలుకుంటుందన్న అవగాహన, ముందే ఆపితే తిరగబెట్టిన కేసుల అనుభవం కలిసి అలా నిలబడింది. కొందరికి అంతకన్నా ఎక్కువే అవసరమవుతుంది.

నొప్పి ముందే ఎందుకు పోతుందో కూడా ఇప్పుడు తెలుస్తుంది. నొప్పి వాపు వల్ల వస్తుంది. రక్తం అందే చోట ఉన్న బాక్టీరియా మొదటి పది రోజుల్లోనే చస్తుంది, వాపు దిగుతుంది, నొప్పి ఆగుతుంది. రక్తం అందని చోట ఉన్నవి నొప్పి పుట్టించవు, ఊరికే వేచి ఉంటాయి.

మాత్రలు మానేసిన మూడో వారం

ఆయనకు మళ్లీ రాత్రి నొప్పి మొదలైంది. రెండు రోజుల్లో మూతి ఎడమవైపుకు లాగేసింది, కుడి కన్ను మూతపడలేదు, నీళ్లు తాగితే కుడివైపు పెదవి నుంచి కారిపోతున్నాయి. ముఖ నరం బయటికి వచ్చే రంధ్రం దగ్గరికి ఇన్ఫెక్షన్ చేరిందన్నమాట. ముందు చూసినవాళ్లు ఇది బెల్స్ పాల్సీ, అంటే స్పష్టమైన కారణం లేకుండా ముఖం ఒకవైపు పడిపోవడం అనుకున్నారు, దానికి స్టెరాయిడ్ ఇస్తారు. అదృష్టవశాత్తు ఒక్క రోజు కూడా వేసుకోకముందే చెవి డాక్టర్ దగ్గరికి వచ్చారు. ఈ జబ్బులో స్టెరాయిడ్ అంటే షుగర్ ఆకాశానికి ఎక్కుతుంది, ఇన్ఫెక్షన్‌ను ఆపే కాస్త శక్తీ తగ్గుతుంది. షుగర్ మనిషికి మూతి వంకరపోతే ఆ వైపు చెవిలోకి చూడకుండా స్టెరాయిడ్ రాయకూడదని నా పట్టుదల.

మళ్లీ ముక్క తీసి కల్చర్‌కు పంపితే సూడోమోనాసే, కానీ ఈసారి సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగనిది. తొమ్మిది రోజులు వేసి ఆపిన మందు బలహీనమైన వాటిని చంపి, తట్టుకున్న వాటిని మిగిల్చింది. ఇది చిన్న నష్టం కాదు. సూడోమోనాస్ మీద నోటి ద్వారా పనిచేసే మందుల్లో సిప్రోఫ్లాక్సాసిన్, దాని కుటుంబంలోని ఒకటీ అరా తప్ప వేరేవి దాదాపు లేవు. 1980ల చివర్లో ఆ మాత్ర అందుబాటులోకి వచ్చాకే ఈ రోగులు నెలల తరబడి ఆసుపత్రిలో ఉండాల్సిన పని తప్పింది. ఆ మాత్ర చేజారితే మళ్లీ సూదులే. ఆయనకు మోచేతి పైన నరంలోకి సన్నటి గొట్టం, అంటే పిక్ లైన్, పెట్టి మెరోపెనెం అనే యాంటీబయాటిక్ ఆరు వారాలు ఎక్కించారు. ప్రతివారం కిడ్నీ పరీక్ష, మోతాదు దాన్నిబట్టి సర్దుబాటు.

మాత్ర వేసుకున్నా పనిచేయకపోవడానికి ఇంకో కారణం ఉంటుంది, అది మానేయడం కన్నా కనిపెట్టడం కష్టం. సిప్రోఫ్లాక్సాసిన్‌ను కాల్షియం, ఐరన్, జింక్ మాత్రలతోనో, గ్యాస్‌కు వాడే అల్యూమినియం, మెగ్నీషియం మందుతోనో కలిపి వేసుకుంటే అవి కడుపులోనే అతుక్కుపోతాయి, మందు రక్తంలోకి సరిగ్గా చేరదు. ఒక్క గ్లాసు పాలతో వేసుకున్నా తగ్గుతుంది. వీటికి కనీసం రెండు గంటలు ముందో, ఆరు గంటల తర్వాతో సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకోవాలి. పెద్దవాళ్ల మందుల డబ్బాలో కాల్షియం మాత్ర ఉండనే ఉంటుంది, రెండూ టిఫిన్ కాగానే ఒకేసారి వేసుకుంటారు. నేనైతే డబ్బా తెచ్చి బల్లమీద పోయమంటాను. ఇంకో రెండు జాగ్రత్తలు కూడా ఇంట్లోవాళ్లకు చెబుతాను. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలతో కలిస్తే ఈ మందు షుగర్‌ను ఉన్నట్టుండి పడేయవచ్చు, కాబట్టి చెమటలు, వణుకు వస్తే వెంటనే చూసుకోవాలి. మడమ వెనక స్నాయువులో నొప్పి మొదలైతే నడవడం ఆపి ఫోన్ చేయాలి, 60 దాటినవాళ్లలో ఈ మందుతో ఆ స్నాయువు తెగే ప్రమాదం ఉంటుంది.

ఎప్పుడు ఆపాలి

ఇది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. చెవి బాగుంటే చాలదని ఇప్పటికే చూశాం. ఎంఆర్ఐ తీసి చూద్దామంటే, జబ్బు తగ్గిన తర్వాత కూడా మజ్జలో ఆ మార్పులు నెలల తరబడి కనిపిస్తూనే ఉంటాయి. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థంతో చేసే బోన్ స్కాన్ జబ్బును తొందరగా పట్టిస్తుంది. కానీ అది చూసేది ఎముక తిరిగి కట్టుకునే పనిని, మానేటప్పుడు కూడా ఆ పని సాగుతుంది కాబట్టి నెలల తరబడి వెలుగుతూనే ఉంటుంది. గాలియం స్కాన్ కాస్త మేలు, ఇన్ఫెక్షన్ తగ్గితే అది కూడా మామూలవుతుంది. అయితే అన్నిచోట్లా దొరకదు, చిత్రం అంత స్పష్టంగా ఉండదు. ఈ మధ్య పెట్ స్కాన్ కూడా వాడుతున్నారు.

చివరికి చాలామంది డాక్టర్లు రెండు మూడు విషయాలను కలిపి చూస్తారు. రాత్రి నొప్పి పూర్తిగా పోయిందా, చెవిలో కండ మాయమై చర్మం కమ్మిందా, వాపును చూపే మరో రక్త పరీక్ష సీఆర్పీ, దానితోపాటు ఈఎస్ఆర్ దిగుతున్నాయా. సీఆర్పీ త్వరగా దిగుతుంది, ఈఎస్ఆర్ బద్ధకంగా వారాల మీద దిగుతుంది. ఒక్క రిపోర్టుతో ఏమీ తేలదు, రెండు వారాలకోసారి తీసిన అంకెలు వరుసగా పెట్టి చూడాలి. ఆయన ఈఎస్ఆర్ రెండోసారి 88 నుంచి మొదలై 64, 41, 27 వరుసలో దిగింది. 64 దగ్గర నొప్పి లేదు, అక్కడే మళ్లీ ఆపేద్దామా అని ఇంట్లో అనుకున్నారట. ఈసారి కొడుకే వద్దన్నాడు.

మందు ఆపాక కూడా దాదాపు ఏడాది పాటు కనిపెట్టి ఉండాలి, ఎందుకంటే నెలల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు. మొదటి మూడు నెలలు నెలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి ఆయన వచ్చి చూపించుకున్నారు. పదకొండో నెలలో వచ్చినప్పుడు చెవి శుభ్రంగా ఉంది, ఈఎస్ఆర్ 22, హెచ్‌బీఏ1సీ 7.4. కుడి కన్ను ఇప్పుడు మూతపడుతుంది, పొడిబారకుండా రాత్రి ఆయింట్‌మెంట్ అవసరం లేదు. నవ్వితే మాత్రం కుడి మూల సగమే లేస్తుంది. ఈ జబ్బులో ముఖ నరం దెబ్బతింటే పూర్తిగా కోలుకోవడం తక్కువ. "నీళ్లు తాగితే కారడం లేదు, అది చాలు" అన్నారాయన, అద్దంలో ఆ మూలను వేలితో పైకి లేపి చూసుకుంటూ.